మొదటి ఏళ్ల కరవు: విశ్రాంత జీవితంలో రాబడుల వరుస

ఉద్యోగం నుండో వ్యాపారం నుండో విరమించేటప్పుడు చేతికి వచ్చిన సొమ్మును మ్యూచువల్ ఫండులో ఉంచి, దాని నుండి ఏటా కొంత తీసుకుంటూ జీవనం సాగించాలని తలచేవారు నేడు పలువురు ఉన్నారు. అట్టివారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: సగటున ఏడాదికి ఎంత శాతం రాబడి వస్తుంది? ఆ ప్రశ్న అవసరమైనదే గాని అది సగం ప్రశ్న మాత్రమే. ఆ రాబడి ఏ వరుసలో వస్తుంది, మంచి ఏళ్లు ముందా, చెడ్డ ఏళ్లు ముందా అన్నది మిగిలిన సగం. సొమ్ము తీయనివారికి ఈ రెండవ ప్రశ్నతో పనిలేదు. సొమ్ము తీసేవారికి మాత్రం దానిపైనే వృద్ధాప్యమంతా ఆధారపడవచ్చు. దీనినే రాబడుల వరుసలోని ముప్పు అని పిలువవచ్చు.

జీవితాంతం ప్రభుత్వ పింఛను వచ్చేవారికి ఈ ముప్పు తక్కువ. కాని షోలాపూర్ వంటి నగరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మరమగ్గాలపైనా, చిన్న దుకాణాలపైనా బ్రతికినవారికి అట్టి పింఛను లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగంలో 2004 జనవరి 1 నుండి, మహారాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో 2005 నవంబరు 1 నుండి చేరినవారికి కూడా పాత పద్ధతి పింఛను స్థానంలో, ఉద్యోగి పేరిట కూడబెట్టి మార్కెట్టులో పెట్టే నిధి ప్రవేశపెట్టబడింది. కావున ఈ పాఠం ఉద్యోగికీ, నేత పనివారికీ, వర్తకునికీ సమానంగా వర్తిస్తుంది.

ఇద్దరు అన్నదమ్ములు, ఒకే రాబడులు

విషయం స్పష్టపడుటకు ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. తువ్వాళ్లు నేసే మరమగ్గాల కార్ఖానాను అన్నదమ్ములిద్దరు నడిపి, వయసు మీరిన తరువాత అమ్మివేశారు. ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయలు వచ్చాయి. ఇద్దరూ ఆ సొమ్ము మొత్తాన్ని సెన్సెక్స్ సూచీని అనుసరించే ఫండులో ఉంచారు. ఇద్దరూ ప్రతి సంవత్సరారంభంలో ఇంటి ఖర్చుకు 1,20,000 రూపాయలు, అనగా నెలకు పదివేల చొప్పున, తీసుకున్నారు. ఇది తొలి నిధిలో 6 శాతం.

అన్న 2008 జనవరిలో విశ్రాంత జీవితం మొదలుపెట్టాడని అనుకుందాం. అతనికి సెన్సెక్స్ చరిత్రలో 2008 నుండి 2017 వరకు నిజంగా జరిగిన వార్షిక మార్పులే ఎదురయ్యాయి. 2007 చివరి రోజున 20,287 వద్ద ఉన్న సూచీ 2008 చివరికి 9,647కు పడిపోయింది; అంటే 52 శాతం నష్టం. మరుసటి ఏడు 81 శాతం పెరిగింది. తరువాత ఎనిమిదేళ్లలోనూ ఎగుడుదిగుళ్లు తప్పలేదు.

తమ్మునికి మాత్రం అవే పది సంవత్సరాలు తలక్రిందులుగా వచ్చాయని ఊహిద్దాం. అన్నకు పదవ ఏట వచ్చిన రాబడి తమ్మునికి మొదటి ఏట వచ్చింది. అన్నకు మొదటి ఏట వచ్చిన 52 శాతం నష్టం తమ్మునికి పదవ ఏట వచ్చింది. ఒక్క శాతమూ హెచ్చలేదు, తగ్గలేదు. మారినది వరుస ఒక్కటే. దిగువ పట్టికలో ప్రతి సంవత్సరాంతానికి మిగిలిన నిధి లక్షల రూపాయలలో ఇవ్వబడింది. శాతాలు పూర్ణాంకాలకు సవరింపబడినవి. డివిడెండ్లు, ఫండు ఖర్చులు, పన్నులు లెక్కలోకి తీసుకోలేదు.

| సంవత్సరం | అన్న: మార్పు | అన్న: నిధి | తమ్ముడు: మార్పు | తమ్ముడు: నిధి |
|---|---|---|---|---|
| 1 | −52% | 9.02 | +28% | 24.06 |
| 2 | +81% | 14.16 | +2% | 23.32 |
| 3 | +17% | 15.16 | −5% | 21.02 |
| 4 | −25% | 10.47 | +30% | 25.76 |
| 5 | +26% | 11.68 | +9% | 26.77 |
| 6 | +9% | 11.43 | +26% | 32.22 |
| 7 | +30% | 13.30 | −25% | 23.26 |
| 8 | −5% | 11.49 | +17% | 25.81 |
| 9 | +2% | 10.50 | +81% | 44.55 |
| 10 | +28% | 11.90 | −52% | 20.81 |

పదేళ్లలో ఇద్దరూ తీసుకున్నది సమానమే: పన్నెండు లక్షలు. అయినా అన్న వద్ద 11 లక్షల 90 వేలు మిగిలితే, తమ్ముని వద్ద 20 లక్షల 81 వేలు మిగిలాయి. దాదాపు తొమ్మిది లక్షల వ్యత్యాసం. ఇద్దరూ ఒక్క రూపాయి కూడా తీయకుండా ఉండి ఉంటే పదేళ్ల చివర ఇద్దరి నిధీ సరిసమానంగా 33 లక్షల 77 వేలు అయ్యేది. వరుస ఎట్లున్నా గుణకారఫలం మారదు గదా. సొమ్ము తీయడం మొదలైన క్షణం నుండే వరుసకు బలం వస్తుంది.

సగటు చెప్పని మాట ఇక్కడే ఉన్నది. ఈ పదేళ్ల సగటు వృద్ధి ఏడాదికి సుమారు 5.4 శాతం. ఏటా సరిగ్గా అంతే వచ్చి ఉంటే, అవే 1,20,000 రూపాయలు తీసుకుంటూ పోయినా పదేళ్ల చివర సుమారు 17 లక్షల 58 వేలు మిగిలేవి. ఫండు అమ్మేవారు చూపే కాగితం మీది లెక్క సాధారణంగా ఇట్టిదే. అన్నకు వచ్చినది దానికి చాలా దిగువ, తమ్మునికి వచ్చినది దానికి ఎగువ. కాగితం మీది అంకె ఇద్దరిలో ఎవరికీ నిజం కాలేదు.

గాదెలో విత్తనపు గింజలు

ఇట్లు జరుగుటకు కారణం రూపాయలలో చూస్తే తెలియదు. యూనిట్లలో చూస్తే తెలుస్తుంది. ఫండు యూనిట్ ధర మొదట 100 రూపాయలు అనుకుంటే, 20 లక్షలకు ఒక్కొక్కరికి 20,000 యూనిట్లు వచ్చినట్లు. ఖర్చుకు 1,20,000 రూపాయలు కావాలంటే మొదటి ఏడు 1,200 యూనిట్లు అమ్మితే చాలు. ఇంతవరకు అన్నదమ్ములిద్దరికీ తేడా లేదు.

రెండవ ఏటి ఆరంభానికి అన్న చేతిలోని యూనిట్ ధర 48 రూపాయలు. ఇంటి ఖర్చు మాత్రం తగ్గలేదు. అదే 1,20,000 రూపాయల కోసం అతడు 2,500 యూనిట్లు అమ్మవలసి వచ్చింది. అదే సమయంలో తమ్ముని యూనిట్ ధర 128 రూపాయలు గనుక అతనికి 938 యూనిట్లు చాలాయి. మూడవ ఏట అన్న యూనిట్ ధర సుమారు 87 రూపాయలు. ఇంకా 1,381 యూనిట్లు పోయాయి. ఈ విధంగా పదేళ్లలో అన్న సుమారు 12,950 యూనిట్లు అమ్మగా 7,050 మిగిలాయి. తమ్ముడు సుమారు 7,674 యూనిట్లు అమ్మగా 12,326 మిగిలాయి. పదేళ్ల చివర యూనిట్ ధర ఇద్దరికీ ఒక్కటే, 168 రూపాయల 83 పైసలు. వ్యత్యాసమంతా మిగిలిన యూనిట్ల సంఖ్యలో ఉన్నది.

రైతు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. కరవు ఏట తిండికి లేక విత్తనపు గింజలు కూడా వండుకున్న ఇంటికి, మరుసటి ఏడు వాన బాగా కురిసినా పంట తక్కువే వస్తుంది. వానలో లోపం లేదు. విత్తడానికి గింజలు లేవు. అన్నకు రెండవ ఏట వచ్చిన 81 శాతం పెరుగుదల మంచి వానే. కాని అప్పటికే అమ్ముడుపోయిన 2,500 యూనిట్ల మీద ఆ వాన పడలేదు.

ఈ నష్టం శాశ్వతమైనదని గుర్తించడానికి 2010 చివర అన్న ఇంట జరిగి ఉండగల సంభాషణ ఒకటి చాలు. సెన్సెక్స్ ఆ సంవత్సరాన్ని 20,509 వద్ద ముగించింది. అనగా అన్న మొదలుపెట్టిన ఎత్తును తిరిగి అందుకున్నది. "సూచీ మళ్లీ ఇరవై వేలు దాటిందని పేపర్లో రాశారు గదండీ, మన సొమ్ము పదిహేను లక్షల దగ్గరే ఉందేమి?" అని అతని భార్య అడిగితే, "మనం మూడేళ్ల ఖర్చు తీశాం గదా" అన్నది సహజంగా వచ్చే జవాబు. ఆ జవాబు సగమే సరి. తీసిన ఖర్చు మూడు లక్షల అరవై వేలు. తగ్గినది నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు. ఈ రెంటి నడుమ ఉన్న లక్షా ఇరవై నాలుగు వేలు ఖర్చూ కాలేదు, మార్కెట్టు పతనంలో పోయినట్లూ కనబడదు. ఎందుకనగా మార్కెట్టు తిరిగి లేచింది. అది తక్కువ ధరకు అమ్మిన యూనిట్ల వెల. మార్కెట్టు కోలుకున్నా అమ్మినవాడు కోలుకోడు.

పెద్ద నష్టం, చిన్న గాయం

ఇక్కడ ఒక వింత కూడా గమనింపదగినది. రూపాయలలో చూస్తే పెద్ద నష్టం తమ్మునిదే. పదవ ఏట ఖర్చు తీసిన తరువాత అతని వద్ద 43 లక్షల 35 వేలు ఉండగా, సంవత్సరాంతానికి 20 లక్షల 81 వేలయ్యాయి. ఒక్క ఏట ఇరవై రెండున్నర లక్షలు పోయాయి. అన్న మొదటి ఏట పోగొట్టుకున్నది తొమ్మిది లక్షల డెబ్భై ఎనిమిది వేలు. అయినా చిక్కులో పడినవాడు అన్న.

దీనిని కొలిచే సాధనం ఒకటి ఉన్నది. ఏటా తీసే మొత్తాన్ని, ఆనాటికి ఉన్న నిధితో భాగించి శాతంగా చూడాలి. ఇద్దరికీ మొదటి రోజున అది 6 శాతం. ఒక్క ఏడు గడిచేసరికి అన్నకు అది 13.3 శాతమైంది: 9,02,000 రూపాయల నిధి నుండి 1,20,000 తీయాలి. ఏటా పదమూడు శాతం తీస్తూ నిధిని నిలుపగల రాబడి దీర్ఘకాలంలో ఏ పెట్టుబడి నుండీ ఆశించదగినది కాదు. తమ్మునికి అదే కొలత అంత పెద్ద పతనం తరువాత కూడా 5.8 శాతం మాత్రమే. పదేళ్ల చివర అన్న కొలత 10.1 శాతం.

ఇక పదకొండవ ఏటి నుండి ఇద్దరికీ ఏటా నిలకడగా 6 శాతం రాబడి వస్తుందని, ఖర్చు మారదని అనుకుందాం. అన్న నిధి మరి పద్నాలుగు సంవత్సరాలకు ఖర్చు సమకూర్చి, పదిహేనవ ఏట చేతులెత్తేస్తుంది. అరవై ఏట విరమించినవాడైతే అప్పటికి అతనికి ఎనభై నాలుగేళ్లు నిండుతాయి. తిరిగి పనిచేయగల వయసు అది కాదు. అదే నాటికి తమ్ముని వద్ద ఇంకా ఇరవై లక్షలకు పైగా ఉంటాయి.

ధరల పెరుగుదలను కూడా చేర్చితే చిత్రం మరింత కఠినమవుతుంది. మొదటి ఏట 1,20,000 తీసి, ఆపై ఏటా 6 శాతం చొప్పున పెంచుకుంటూ తీశారనుకుందాం. పదేళ్ల చివర అన్న వద్ద మిగిలేది సుమారు ఆరు లక్షలు. పదకొండవ ఏటి ఖర్చే రెండు లక్షల పదిహేను వేలు. అనగా అది మూడేళ్లకు కూడా చాలని నిధి. తమ్ముని వద్ద అప్పటికి పదిహేడున్నర లక్షలు ఉంటాయి.

ఈ ముప్పు విశ్రాంత జీవితపు తొలి సంవత్సరాలలోనే ఎందుకు తీవ్రమో ఇప్పుడు తేటపడుతుంది. నిధి మొత్తం పెద్దదిగా ఉండేది, ఇంకా తీయవలసిన సంవత్సరాలు ఎక్కువగా ఉండేది అప్పుడే. కొత్తగా సంపాదించి చేర్చడానికి అవకాశం పోయేదీ అప్పుడే. ఇరవై అయిదేళ్ల యువకుడు నెలనెలా సొమ్ము చేర్చేవాడైతే అతనికి తొలి ఏళ్ల పతనం మేలే చేస్తుంది. తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు దొరుకుతాయి. ఒకే పతనం కొడుకుకు లాభమై, తండ్రికి నష్టమైనా ఆశ్చర్యపడనక్కరలేదు. కొనేవాడు ఒకరు, అమ్మేవాడు మరొకరు.

ఎంత తీయవచ్చునన్న ప్రశ్న

ఈ విషయాన్ని అంకెలతో పరీక్షించినవారిలో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు ముఖ్యుడు. అతడు 1994లో ప్రచురించిన వ్యాసంలో సగటును పక్కనబెట్టి, 1926 నుండి అమెరికా మార్కెట్టులో వాస్తవంగా వచ్చిన రాబడులను వచ్చిన వరుసలోనే తీసుకున్నాడు. ఏ సంవత్సరంలో విరమించినవాని నిధి ఎన్నేళ్లు నిలిచిందో విడివిడిగా లెక్కించాడు. సగం, లేదా అంతకు కొంత మించి, షేర్లలోనూ మిగిలినది ప్రభుత్వ బాండ్లలోనూ ఉంచి, మొదటి ఏట 4 శాతం తీసి, తరువాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోయినవారి నిధి ముప్పై ఏళ్లు నిలిచిందని అతడు తేల్చాడు. సగటు రాబడి అంతకంటె చాలా ఎక్కువగా ఉన్నా అతడు అంత తక్కువ అంకె వద్ద ఆగడానికి కారణం, తొలి ఏళ్లు చెడిన తరాలవారిని కూడా దృష్టిలో ఉంచుకోవడమే.

ఆ నాలుగు శాతం అమెరికా అనుభవం నుండి పుట్టినది. మన దేశపు ధరలకు, వడ్డీలకు అది యథాతథంగా సరిపోతుందని అనుకోరాదు. అందులో మనకు పనికివచ్చేది అంకె కంటె పద్ధతి: సగటు ఏటికి కాదు, చెడ్డ ఆరంభానికి సిద్ధపడి లెక్క వేయాలి. మన అన్నదమ్ములు తీసిన 6 శాతం ఆ దృష్టితో చూస్తే సాహసమే. తమ్ముని సాహసం ఫలించింది. అది అతని తెలివి వలన కాదు.

అన్న వేరుగా ఏమి చేయగలిగేవాడు

2008లో మార్కెట్టు పడుతుందని అన్న ముందుగా తెలుసుకొని ఉండడు. ఎవరూ తెలుసుకోలేరు. కావున ఉపాయం జోస్యంలో లేదు. పడిన ఏట యూనిట్లు అమ్మవలసిన అవసరం లేకుండా ముందుగానే ఏర్పాటు చేసుకోవడంలో ఉన్నది.

అన్న తన 20 లక్షలలో నాలుగేళ్ల ఖర్చును, అనగా 4 లక్షల 80 వేలను, 6 శాతం వడ్డీ వచ్చే బ్యాంకు డిపాజిట్టులో వేరుగా ఉంచాడని అనుకుందాం. మిగిలిన 15 లక్షల 20 వేలు ఫండులో పెట్టాడు. ఒక నియమం వ్రాసి పెట్టుకున్నాడు: సంవత్సరారంభంలో యూనిట్ ధర తాను కొన్న 100 రూపాయలకు తక్కువగా ఉంటే ఆ ఏటి ఖర్చు డిపాజిట్టు నుండి, లేకుంటే ఫండు నుండి. పట్టికలోని రాబడులతోనే చూస్తే, రెండవ, మూడవ, అయిదవ, ఆరవ సంవత్సరాలలో అతడు డిపాజిట్టును వాడుకుంటాడు. మిగిలిన ఆరు సంవత్సరాలలో యూనిట్లు అమ్ముతాడు. పదేళ్ల చివర అతని వద్ద ఫండులో 15 లక్షల 12 వేలు, డిపాజిట్టులో 1 లక్షా 35 వేలు, వెరసి సుమారు 16 లక్షల 47 వేలు ఉంటాయి. అంతకుముందు లెక్కలో మిగిలినది 11 లక్షల 90 వేలు. ఇంటి ఖర్చులో రూపాయి కూడా తగ్గించకుండానే నాలుగున్నర లక్షలు నిలిచాయి.

ఈ ఏర్పాటుకు వెల లేదని మాత్రం అనుకోరాదు. తమ్ముడు కూడా ఇదే నియమం పాటించి ఉంటే, అతని యూనిట్ ధర ఏనాడూ 100కు దిగలేదు గనుక డిపాజిట్టు అట్లే పడి ఉండేది. తొమ్మిదవ ఏటి చివర అతని వద్ద 44 లక్షల 55 వేలకు బదులు 35 లక్షల 78 వేలు ఉండేవి. ఆనాడు దాదాపు తొమ్మిది లక్షలు వదులుకున్నట్లు కనబడుతుంది. పదవ ఏటి పతనం తరువాత మాత్రం 20 లక్షల 81 వేలకు బదులు 21 లక్షల 30 వేలు మిగిలేవి. వేరుగా ఉంచిన డిపాజిట్టు బీమా వంటిది. ఇల్లు కాలని ఏట బీమా సొమ్ము వృథాగానే తోస్తుంది.

వేరుగా ఉంచేందుకు సొమ్ము చాలని కుటుంబానికి రెండవ మార్గం ఉన్నది. యూనిట్ ధర 100కు తక్కువగా ఉన్న ఆ నాలుగు సంవత్సరాలలో అన్న 1,20,000కు బదులు 90,000 తీశాడనుకుందాం. నాలుగేళ్లలో వెరసి మానుకున్నది 1,20,000 రూపాయలు. పదేళ్ల చివర నిధి 11 లక్షల 90 వేలకు బదులు 14 లక్షల 73 వేలు. కరవు ఏట మానుకున్న ప్రతి రూపాయికి రెండు రూపాయల ముప్పై అయిదు పైసలకు పైగా నిలిచింది. అయితే నెలకు రెండున్నర వేలు తగ్గించగలగడం ఇంటింటికీ సాధ్యం కాదు. ఇంటి అద్దె, మందులు, బియ్యం వంటివాటిని తగ్గించలేము. తీర్థయాత్ర, ఇంటికి సున్నం, కొత్త వాహనం వంటివాటిని ఒక ఏడు వాయిదా వేయగలము. కావున ఖర్చును విరమణకు ముందే ఈ రెండు భాగాలుగా వ్రాసుకోవడం మంచిది.

తగ్గించలేని భాగానికి మార్కెట్టుతో సంబంధం లేని ఆదాయం చూసుకోవడం అన్నిటికంటె భద్రమైనది. అరవై ఏళ్లు నిండినవారు పోస్టాఫీసులలోను, బ్యాంకులలోను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఖాతా తెరువవచ్చు. 2023 ఏప్రిల్ నుండి దీనిలో ఒకరు 30 లక్షల వరకు ఉంచవచ్చును. గడువు అయిదేళ్లు, వడ్డీ మూడు నెలలకొకసారి చేతికి వస్తుంది. ఖాతా తెరిచిన నాటి వడ్డీ రేటు ఆ అయిదేళ్లూ మారదు. ఈ వడ్డీతో బియ్యం, మందులు గడిచే ఇంటికి, ఫండు పడిపోయిన ఏట యూనిట్లు అమ్మే అగత్యం ఉండదు. కాని వడ్డీ ధరలతోపాటు పెరగదు గనుక, ఉన్న సొమ్మంతా ఇందులోనే పెట్టినవారికి ఇరవై ఏళ్ల తరువాత వేరొక కరవు వస్తుంది. ఫండు పూర్తిగా మానుకోవాలని ఈ పాఠం చెప్పదు.

గమనింపవలసిన పొరపాట్లు రెండు

మొదటిది, నెలనెలా స్థిరమైన మొత్తం దానంతటదే బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు. దీనిని ఎస్‌.డబ్ల్యు.పి. అంటారు. ఇది సౌకర్యమే. అయితే ధర పడినప్పుడు ఎక్కువ యూనిట్లు అమ్మేదీ ఇదే, అదీ మౌనంగా. ఖాతాలో పదివేలు పడుతూనే ఉంటాయి గనుక ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. ఫండు పంపే పత్రంలో రూపాయల గడి కాక, మిగిలిన యూనిట్ల గడిని చూడాలి. గత సంవత్సరం కంటె ఈ సంవత్సరం ఎక్కువ యూనిట్లు తగ్గాయా అన్నదే తొలి హెచ్చరిక. తీసే మొత్తాన్ని నిధితో భాగించి చూచే శాతం రెండవ హెచ్చరిక. అది మొదలుపెట్టిన నాటికంటె సగం వంతు పెరిగితే, ఉదాహరణకు 6 నుండి 9కి చేరితే, ఆ ఏట ఎస్‌.డబ్ల్యు.పి.ని తగ్గించుటయో, ఆపి డిపాజిట్టు వాడుకొనుటయో ఆలోచింపవలసి ఉంటుంది.

రెండవది, భయపడి అంతా ఒకేసారి అమ్మివేయడం. 2008 చివర అన్న తన 9 లక్షల 2 వేలను బ్యాంకులో వేసి ఉంటే 2009లో వచ్చిన 81 శాతం అతనికి అందేది కాదు. ఏటా 1,20,000 అమ్మవలసి రావడమే అతనికి గాయమైతే, అంతా అమ్మడం ఆ గాయాన్ని నిధి మొత్తానికి విస్తరింపజేయడమే అవుతుంది. అయితే ప్రతి పతనమూ రెండేళ్లలో తీరుతుందన్న నమ్మకం కూడా తగదు. జపాను దేశపు నిక్కీ సూచీ 1989 చివర అందుకొన్న ఎత్తును తిరిగి దాటినది 2024 ఫిబ్రవరిలో. అట్టి కరవుకు నాలుగేళ్ల డిపాజిట్టు చాలదు. అందుకే తగ్గించలేని ఖర్చుకు స్థిరాదాయం, తగ్గించగల ఖర్చుకు మాత్రమే ఫండు అన్న విభజన, డిపాజిట్టు నియమం కంటె ముందు రావలసినది.

విరమణకు రెండు మూడు సంవత్సరాల ముందున్నవారు ఒక కాగితంపై మూడు అంకెలు వ్రాసుకోవలెను. ఒకటి, ఏటా తగ్గించలేని ఖర్చు. రెండు, దానిలో పింఛను, వడ్డీ, అద్దె వంటి స్థిరాదాయం నుండి వచ్చే భాగం. మూడు, మిగిలిన ఖర్చును సమకూర్చవలసిన నిధి. తరువాత ఆ నిధిని సగానికి కొట్టివేసి, ఏటా తీయవలసిన మొత్తం అందులో ఎంత శాతమో చూసుకోవలెను. అన్నకు మొదటి ఏటనే ఎదురైన పరీక్ష ఇది. ఆ శాతం భయపెట్టేదిగా ఉంటే, సరిదిద్దుకోవడానికి సమయం విరమణకు ముందే ఉన్నది; తరువాత ఆ సమయం యూనిట్ల రూపంలో అమ్ముడుపోతుంది.